ఒకే గనికి రెండు రాబడి రేట్లు: ఎంఐఆర్ఆర్‌లో ఉన్న ఊహ గురించి నా అభిప్రాయం

పెట్టుబడి ప్రతిపాదనల మీద చర్చ జరిగే చోటల్లా ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: "ఐఆర్ఆర్ అసలు లెక్క, ఎంఐఆర్ఆర్ మనం ఒక ఊహ కలిపి తయారు చేసుకున్న లెక్క." ఐఆర్ఆర్ అంటే అంతర్గత రాబడి రేటు, ప్రాజెక్టు ఏడాదికి ఎంత శాతం సంపాదిస్తుందో చెప్పే అంకె. ఎంఐఆర్ఆర్ అంటే దాన్నే సవరించిన రూపం. చాలా ఏళ్లుగా ఈ లెక్కలతోనే పనిచేస్తున్న మనిషిగా ఈ మాటను నేను ఒప్పుకోలేను. నగదు ప్రవాహాల ధన, రుణ గుర్తు ఒక్కసారికి మించి మారే ప్రాజెక్టుల్లో ఐఆర్ఆర్‌లోనూ ఒక ఊహ ఉంటుంది. అది పైకి కనిపించదు, దాని విలువ ఎంతో ఎవరూ చెప్పరు. ఒకే ప్రాజెక్టుకు రెండు రేట్లు పుట్టడానికి కారణం అదే.

నా ముందుకు వచ్చిన ఒక ప్రతిపాదనను, అంకెలు సులువుగా ఉండేలా కుదించి చెబుతాను. ఒక చిన్న రాతి గని ఉంది. ఈ రోజు 1000 లక్షలు పెట్టాలి. ఏడాది తిరిగేసరికి రాయి అంతా తీసి అమ్మితే నికరంగా 2450 లక్షలు చేతికి వస్తాయి. రెండో ఏడాది చివర గుంతలు పూడ్చి, నేల చదును చేసి అప్పగించడానికి 1470 లక్షలు ఖర్చు చేయాలి. ప్రతిపాదన తయారు చేసిన వ్యక్తి ఐఆర్ఆర్ 40 శాతం అని రాశారు. దాన్ని సరిచూసిన మరొకరికి 5 శాతం వచ్చింది. ఎవరో ఒకరు అంకె తప్పుగా ఎక్కించి ఉంటారని ఇద్దరూ చాలాసేపు వెతికారు. తప్పు ఎక్కడా దొరకలేదు, ఎందుకంటే రెండూ సరైన సమాధానాలే. ఐఆర్ఆర్ ఫంక్షన్ ఒక ఆరంభ అంచనా నుంచి మొదలుపెట్టి, నికర ప్రస్తుత విలువ, అంటే వచ్చేవీ పోయేవీ అన్నీ ఆ రేటుతో ఈ రోజు విలువకు తెచ్చి కలిపిన మొత్తం, సున్నా అయ్యే చోటు దొరికేదాకా జరుగుతూ పోతుంది. ఒకరు ఆ అంచనాను ఖాళీగా వదిలేశారు, మరొకరు 50 శాతం ఇచ్చారు. అంచనా ఇవ్వకపోతే స్ప్రెడ్‌షీట్ 10 శాతం దగ్గర మొదలవుతుంది, అక్కడి నుంచి దగ్గరలో ఉన్నది 5 శాతం.

```
=IRR(A1:A3)
=IRR(A1:A3, 50%)
=MIRR(A1:A3, 12%, 12%)
```

A1 నుంచి A3 వరకు -1000, 2450, -1470 అని రాసి ఉంటే, ఇందులో మొదటి వరుస 5 శాతం చూపిస్తుంది, రెండోది 40 శాతం చూపిస్తుంది. మూడోదాని సంగతి తర్వాత చెబుతాను.

ఒక్క క్షణం ఆ మూడు అంకెలను ఏ రేటూ లేకుండా ఊరికే కలిపి చూడండి. వచ్చినవి 2450, పోయినవి 2470. రెండేళ్లలో మొత్తంగా 20 లక్షలు చేతి నుంచి పోయే ప్రాజెక్టు ఇది. అలాంటి ప్రాజెక్టు నుదుటిన 40 శాతం రాబడి అని రాసి ఉంటే, రాసినవారిని తప్పుపట్టే ముందు ఆ 40 శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి.

గణితం వైపు నుంచి దీనికి జవాబు పాతదే. ఐఆర్ఆర్ అంటే ఒక బహుపది సమీకరణానికి మూలం. గుణకాల గుర్తు ఎన్నిసార్లు మారితే గరిష్ఠంగా అన్ని ధన మూలాలు ఉండవచ్చని డెకార్ట్ గుర్తుల నియమం చెబుతుంది. ఇక్కడ గుర్తు రెండుసార్లు మారింది, మూలాలూ రెండే దొరికాయి. పెట్టుబడి లెక్కల్లో ఈ చిక్కును జేమ్స్ లోరీ, లియోనార్డ్ శావేజ్ 1955లోనే బయటపెట్టారు. అయితే గుర్తుల నియమం ఎన్ని మూలాలు ఉండవచ్చో చెబుతుంది గానీ, డబ్బు పరంగా అవి ఎందుకు పుడుతున్నాయో చెప్పదు. అది తెలియాలంటే ప్రాజెక్టుకు ఒక ఖాతా తెరిచి ఏడాదికేడాది నిల్వ రాసుకుంటూ వెళ్లాలి.

ముందు 5 శాతంతో చూద్దాం. ప్రాజెక్టు మనకు 1000 బాకీ పడింది. ఏడాదికి అది 1050 అయింది. 2450 వచ్చాయి. బాకీ తీరిపోయి 1400 మిగిలాయి. ఇప్పుడు ఖాతా తలకిందులైంది: ప్రాజెక్టు మనకు బాకీ లేదు, గుంతలు పూడ్చే ఖర్చు కోసం ప్రాజెక్టు డబ్బే మన దగ్గర నిల్వ ఉంది. ఆ 1400 మీద 5 శాతం వడ్డీ కడితే 1470 అవుతుంది, పూడ్చే ఖర్చుకు సరిగ్గా సరిపోతుంది. ఖాతా సున్నా.

అదే ఖాతాను 40 శాతంతో రాయండి. 1000 బాకీ 1400 అయింది. 2450 రాగా 1050 మిగిలాయి. ఆ 1050 మీద 40 శాతం వస్తే 1470. ఖాతా మళ్లీ సున్నాయే.

రెండు ఖాతాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రహస్యం విడిపోతుంది. రేటు పెంచినప్పుడు మొదటి ఏడాది మన పెట్టుబడి మీద ఎక్కువ రాబడి తీసుకున్నాం, కాబట్టి మిగులు తగ్గింది. ఆ తగ్గిన మిగులు కూడా రెండో ఏడాది అదే ఎక్కువ రేటుతో పెరుగుతుందని అనుకున్నాం కాబట్టి లోటు పూడిపోయింది. పెట్టుబడి సంపాదించే రేటు ఒకటి, మన దగ్గర ఆగిన మిగులు సంపాదించే రేటు మరొకటి. మొదటిది గని లక్షణం. రెండోది బయట ఆ డబ్బును మనం ఎక్కడ పెట్టగలమన్న దాని మీద ఆధారపడి ఉంటుంది, దానికీ రాయికీ సంబంధం లేదు. ఐఆర్ఆర్ సమీకరణం ఈ రెండింటికీ ఒకే అక్షరం వాడి, రెండింటినీ కలిపి తెలియని రాశిగా వదిలేస్తుంది.

ఇక్కడ నేను చాలామందితో విభేదించే మరో సంగతి ఉంది. "ఐఆర్ఆర్ ఎప్పుడూ వచ్చిన డబ్బును అదే రేటుతో తిరిగి పెట్టినట్టు ఊహిస్తుంది" అని పాఠాల్లో చెబుతారు. ముందు ఖర్చు, ఆ తర్వాత అన్నీ రాబడులే ఉన్న మామూలు ప్రాజెక్టులో ఆ ఊహ అవసరమే లేదు. అక్కడ బాకీ నిల్వ చివరిదాకా బాకీగానే ఉండి చివర్లో సున్నా అవుతుంది. వచ్చిన డబ్బు ఆ బాకీని తీరుస్తూ పోతుంది, ఆ తర్వాత మనం దాన్ని ఏం చేసుకున్నా రేటు మారదు. నిల్వ మధ్యలో గుర్తు మార్చుకుని, ముందున్న ఖర్చు కోసం డబ్బు పట్టి ఉంచాల్సి వచ్చినప్పుడే ఆ ఊహ నిజంగా లెక్కలోకి దిగుతుంది. అందుకే ఎంఐఆర్ఆర్ అన్ని ప్రాజెక్టులకూ మెరుగైన కొలమానమని నేను వాదించను. మన గని లాంటి వాటికి మాత్రం అది తప్పనిసరి అంటాను.

ఇప్పుడు ఎంఐఆర్ఆర్ ఏం చేస్తుందో చూడండి. మిగులు సంపాదించే రేటును తెలియని రాశిగా వదలకుండా, ముందుగానే బయటి నుంచి ఒక అంకెగా తెచ్చి పెడుతుంది. మన మూలధన వ్యయం, అంటే పెట్టుబడి డబ్బు సమకూర్చుకోవడానికి మనకు పడే వార్షిక రేటు, 12 శాతం అనుకుందాం. వచ్చిన 2450ని 12 శాతంతో ఒక ఏడాది ముందుకు తీసుకెళ్తే రెండో ఏడాది చివరకు 2744 అవుతుంది. రెండో ఏడాది పెట్టాల్సిన 1470ని అదే 12 శాతంతో ఈ రోజుకు వెనక్కి తెస్తే సుమారు 1172, దానికి మొదటి 1000 కలిపితే 2172. ఇక మిగిలినవి రెండే అంకెలు: ఈ రోజు పోయే 2172, రెండేళ్ల తర్వాత వచ్చే 2744. మధ్యలో ఏమీ లేదు, గుర్తు మారేది ఒక్కసారే. 2744ని 2172తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 1.124, అంటే ఎంఐఆర్ఆర్ 12.4 శాతం. ధన సంఖ్యకు ధన వర్గమూలం ఒక్కటే ఉంటుంది కాబట్టి ఇక్కడ రెండో సమాధానానికి చోటే లేదు. రెండేళ్ల బదులు ఇరవై ఏళ్లైనా, గుర్తు పదిసార్లు మారినా ఇదే వాదన నిలుస్తుంది.

ఈ 12.4 శాతం నమ్మదగినదేనా? 12 శాతం దగ్గర ఈ గని నికర ప్రస్తుత విలువ సుమారు 15.6 లక్షలు. చిన్నదే గానీ ధనాత్మకం. ఎంఐఆర్ఆర్ కూడా 12 కంటే కొద్దిగానే ఎక్కువ. రెండూ ఒకే మాట చెబుతున్నాయి: ప్రాజెక్టు ఫర్వాలేదు, గొప్పదేమీ కాదు. మూలధన వ్యయం 3 శాతమే అనుకుంటే ఎంఐఆర్ఆర్ 2.85 శాతం, అంటే వద్దని తీర్పు. చవక డబ్బు ఉన్నప్పుడు ప్రాజెక్టు చెడిపోవడం వింతగా తోచవచ్చు. కానీ రేటు తగ్గేకొద్దీ తర్వాత పెట్టాల్సిన 1470 బరువు పెరుగుతుంది, పైగా పట్టి ఉంచిన మిగులు మీద వచ్చే వడ్డీ తగ్గుతుంది. 45 శాతం అనుకుంటే ఎంఐఆర్ఆర్ 44.6 శాతం, మళ్లీ వద్దనే. 5కీ 40కీ మధ్య సరే, అటూ ఇటూ వద్దు. నికర ప్రస్తుత విలువ చెప్పేదీ ఇదే. ఐఆర్ఆర్ నుంచి ఈ తీర్పు రాబట్టాలంటే రెండు మూలాలూ దొరకాలి, వాటి మధ్య వక్రరేఖ ఎటు వంగిందో కూడా తెలియాలి. ఒక్క 40ని 12తో పోల్చి ఎగిరి గంతేస్తే, 3 శాతం దగ్గర కూడా అలాగే గంతేస్తాం, అక్కడ నష్టపోతాం.

ఎంఐఆర్ఆర్‌ను ఇంతగా సమర్థిస్తున్నాను కాబట్టి దాని బలహీనతలూ నేనే చెప్పాలి. ఒక రేటు ఇస్తే ఒకే సమాధానం వస్తుందన్నది నిజమే, కానీ ఖర్చులను ఎటు జరపాలన్నదానికి ఒకటికి మించిన పద్ధతులు ఉన్నాయి. పూడ్చే ఖర్చును ఈ రోజుకు తేకుండా, మొదటి ఏడాది వచ్చిన డబ్బులోంచే దానికి నిధి పక్కన పెట్టామనుకోండి. 12 శాతంతో 1470 కావాలంటే 1312.5 పక్కన పెట్టాలి, చేతిలో 1137.5 మిగులుతాయి. దాన్ని ఇంకో ఏడాది 12 శాతంతో పెంచితే 1274. 1000 పెట్టి రెండేళ్లకు 1274 అంటే 12.87 శాతం. తీర్పు మారలేదు, అంకె మారింది. అందుకే రెండు ప్రాజెక్టుల ఎంఐఆర్ఆర్‌లను పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే పద్ధతి, ఒకే కాలవ్యవధి వాడారా అని చూడాలి. ఐదేళ్ల ప్రాజెక్టు అంకెను రెండేళ్లదాని పక్కన పెడితే ఆ పోలిక నిలవదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం పునఃపెట్టుబడి రేటు దగ్గర, అంటే వచ్చిన డబ్బును ముందుకు తీసుకెళ్లే రేటు దగ్గర ఉంది. పై గనికే ఖర్చులను ఈ రోజుకు వెనక్కి తెచ్చే రేటు 12 శాతం ఉంచి, పునఃపెట్టుబడి రేటు మాత్రం 20 అని రాయండి. ఎంఐఆర్ఆర్ 16.3 శాతానికి ఎగబాకుతుంది. గనిలో ఒక్క రాయి ఎక్కువ రాలేదు. అదే రేటును 8 చేస్తే 10.4 శాతానికి పడిపోయి, నికర ప్రస్తుత విలువ సరే అన్న ప్రాజెక్టును వద్దంటుంది. ఎంఐఆర్ఆర్ తీర్పు, నికర ప్రస్తుత విలువ తీర్పు తప్పకుండా ఒకటవ్వాలంటే రెండు రేట్లూ మూలధన వ్యయంతో సమానంగా ఉండాలి. వేరే రేటు వాడాలంటే కారణం ఉండాలి: ఆ మిగులు నిజంగా ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, పూడ్చే రోజుకు వెనక్కి తీయగలమా.

ఎంఐఆర్ఆర్‌లో ఊహ ఉందని ఫిర్యాదు చేసేవారికి నేను చూపించేది ఈ 20నే. ఎవరైనా 20 అని రాస్తే అది ఫార్ములాలో మూడో స్థానంలో కళ్లకు కనిపిస్తుంది, వేలు పెట్టి "ఇది ఎక్కడిది?" అని అడగవచ్చు. మా చర్చలో 40 శాతం అన్న కాగితం మీద, మిగిలిన 1050 లక్షలు ఏడాది పాటు 40 శాతం సంపాదిస్తాయన్న వాక్యం ఎక్కడా లేదు. ఉండి ఉంటే ఆ గదిలో ఒక్కరైనా దానికి ఒప్పుకునేవారు కాదు.