సవరణ: ఫెరిటిన్ తక్కువైతే తలసీమియా లేనట్టు కాదు

"అన్నా, మెంట్జర్ ఇండెక్స్ 13 లోపుంటే తలసీమియా ట్రెయిట్ అని రాసినవ్ కదా. మరి ఫెరిటిన్ 8 ఉంటే ఏది టిక్ పెట్టాలె?" (హన్మకొండ నుంచి ఒక జూనియర్)

ఐరన్ లోపం ఖాయం, ట్రెయిట్ అనుమానం అలాగే ఉంటుంది. పాత పోస్టును ఈ మాటతో కలిపి చదవండి. ఆ జూనియర్ అడిగిన ప్రశ్నలో హిమోగ్లోబిన్ 10.2, ఎంసీవీ 64, ఆర్‌బీసీ 54 లక్షలు. మెంట్జర్ ఇండెక్స్ అంటే ఎంసీవీని మిలియన్లలో ఉన్న ఆర్‌బీసీతో భాగించడమే. 64ని 5.4తో భాగిస్తే దాదాపు 11.9, అంటే 13 లోపే. ఒట్టి ఐరన్ లోపంలో మజ్జ ఇన్ని కణాలు తయారు చేయడం అరుదు.

అసలు తిరకాసు బీటా ట్రెయిట్‌లో పెరిగే హెచ్‌బీఏ2 దగ్గరే. 3.3 శాతం చూసి నార్మలే అని బీటా ట్రెయిట్‌ను కొట్టేస్తారు. కానీ ఐరన్ లోపం ఆ అంకెను కిందికి లాగుతుంది. ముందు ఐరన్ ఇచ్చి, ఫెరిటిన్ కోలుకున్నాక మళ్లీ చేస్తే 3.5 దాటొచ్చు. అప్పటికీ దాటక, ఎంసీవీ కూడా పెరగకపోతే ఆల్ఫా ట్రెయిట్‌ను అనుమానించండి. అందులో హెచ్‌బీఏ2 పెరగదు.