అదే ప్రశ్నకి మళ్ళీ కార్డులు కలపను

మా అమ్మ ఇప్పటికీ నా పనిని 'సోది' అంటుంది. గుంటూరు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "ఈరోజు ఎంతమందికి సోది చెప్పావే?" అని అడుగుతుంది. నవ్వేస్తాను. కానీ ఒకే మనిషి ఒకే ప్రశ్నతో నాలుగోసారి వచ్చినప్పుడు మాత్రం అది నిజంగానే సోది అవుతుంది, ఆ పదానికున్న రెండో అర్థంలో.

నేను బెంగళూరు మారతహళ్ళిలో టారో చూస్తాను, అంటే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్తాను. ఇక్కడ పీజీల్లో ఉండే మన పిల్లలే ఎక్కువ వస్తారు. వాళ్ళలో ఒకమ్మాయి గురించి చెప్తాను, ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. "అక్కా, అతను తిరిగొస్తాడా?" ఇదీ ప్రశ్న. మూడు కార్డులు తీశాను. ఇకముందు ఏం జరుగుతుందో చెప్పే చోట ఎయిట్ ఆఫ్ కప్స్ పడింది. పేర్చిన కప్పుల్ని వదిలేసి ఒకడు కొండలవైపు నడిచి వెళ్ళిపోతుంటాడు, ఆ బొమ్మ. చెప్పాల్సింది మెత్తగానే చెప్పాను. తొమ్మిది రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి అదే చోట టూ ఆఫ్ కప్స్, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కప్పులు మార్చుకునే కార్డు. పిల్ల మొహం వెలిగిపోయింది, ఫోటో తీసుకుంది. నాలుగు రోజుల తర్వాత మూడోసారి టవర్ పడింది, పిడుగు పడి కూలిపోతున్న బురుజు బొమ్మ. ఏడుపు. అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. క్లారిఫయర్ అని, అంటే పడిన కార్డుని ఇంకాస్త విడమరిచి చెప్పడానికని, దాని మీద ఇంకో కార్డు తీశాను. అదీ బాగోలేదు. ఇంకోటి తీశాను. ఆశకి గుర్తైన స్టార్ వచ్చింది. "చూశావా, స్టార్!" అన్నాను. పేకాటలో కావాల్సిన ముక్క పడేదాకా తీస్తూ కూర్చున్నట్టు. ఆ పిల్ల చేస్తున్నదీ అదే, డబ్బులు తీసుకుని నేను చేసిందీ అదే.

లెక్క చూడండి. 78 కార్డుల్లోంచి వరసగా మూడు తీస్తే 4,56,456 రకాలుగా పడొచ్చు, తలకిందుల కార్డులు కలపకుండానే. మళ్ళీ కలిపితే అవే మూడు అదే వరసలో రావడం దాదాపు జరగదు. అంటే రెండోసారి తప్పకుండా వేరే మాట వస్తుంది. అప్పుడు అడిగినవాళ్ళు తమకి నచ్చింది ఉంచుకుని మిగతావి పారేస్తారు. టారోని నమ్మినా నమ్మకపోయినా ఇంతే. నమ్మేవాళ్ళకైతే ఇంకా నష్టం, మొదటి జవాబుకి విలువే పోతుంది.

కాబట్టి ఇప్పుడు ఎవరు మళ్ళీ వచ్చినా డెక్ ముట్టుకోకముందే ఒకటే అడుగుతాను: "పోయినసారి తర్వాత ఏం జరిగింది?" అతను ఫోన్ చేశాడు, ఊరు మారాడు, ఇంట్లో సంబంధం చూశారు, ఇలాంటిది ఏదైనా చెప్తే అది కొత్త ప్రశ్న, కూర్చుంటాను. "నిన్న రాత్రి ఆన్‌లైన్‌లో కనిపించాడక్కా" అంటే అది పాతదే. మాటలు మారుస్తారు కూడా. అతను నా గురించి ఆలోచిస్తున్నాడా, నేను మెసేజ్ చేయనా, బ్లాక్ చేస్తే బాధపడతాడా, ఇవన్నీ ఆ ఒక్కటే.

పాతదైతే మొదటి రీడింగ్ ఫోటో తెరుస్తాను. ప్రతి రీడింగ్‌కీ తేదీ, వాళ్ళు అడిగిన మాట యథాతథంగా, కార్డుల ఫోటో, మూడూ దాచుకుంటాను. ఆ కార్డులే మళ్ళీ చదువుకుంటాం. ఆ రోజు టెన్షన్‌లో వినని ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. దీనికి డబ్బులు తీసుకోను. తీసుకుంటే మళ్ళీ రమ్మని నేనే పిలిచినట్టు. నెలకింత కట్టండి, ఎన్ని ప్రశ్నలైనా అడగండి అనే ప్యాకేజీలు పెట్టేవాళ్ళు ఇక్కడ కొంచెం ఉలిక్కిపడాలి. వాళ్ళ ఆదాయమంతా ఈ నిద్రలేని పిల్లల మీదే.

ప్రశ్న మార్చి అడగమని కూడా చెప్తాం, "అతను వస్తాడా" బదులు "ఈ నెల నేనేం చేయాలి" అని. మంచిదే. కానీ అది కూడా ఒక్కసారే. లేకపోతే దొడ్డిదారిన అదే ప్రశ్న మళ్ళీ లోపలికొస్తుంది.

ఆ అమ్మాయి నాలుగోసారి రాత్రి 1:40కి మెసేజ్ చేసింది: "అక్కా, ఒక్క కార్డు, ప్లీజ్." తెల్లారాక ఫోన్ చేశాను. తిండి సరిగ్గా లేదు, వారం నుంచి నిద్ర లేదు. "అమ్మా, ఇది కార్డులతో తేలేది కాదు, నేను తీయను" అని, 14416 నంబర్ ఇచ్చాను. టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులుండవు, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడొచ్చు. మూడో రీడింగ్‌కి తీసుకున్న డబ్బు తిరిగి పంపాను. కోపమొచ్చింది తనకి. ఇంకో రీడర్ దగ్గరికి వెళ్ళిందని తర్వాత తెలిసింది. ఆపలేను.

పోయిన వారం మళ్ళీ మెసేజ్. "అక్కా, బాగున్నాను. ఈసారి కొత్త ప్రశ్నే, ప్రామిస్." చదివాను. పాతదే. మొదటి ఫోటో పంపాను.