రెట్టింపు సరే, ఎన్నాళ్లకు? చక్రవడ్డీ షార్ట్‌లు దాటేస్తున్న ప్రశ్న

ఇప్పుడే పది లక్షలు తీసుకుంటావా, లేక రోజూ రెట్టింపయ్యే రూపాయి నాణేన్ని నెల రోజులు ఉంచుకుంటావా? చక్రవడ్డీ గురించి కుర్రకారుకు చెప్పే షార్ట్ వీడియోల్లో సగం ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. మొదటి రోజు రూపాయి, రెండో రోజు రెండు, మూడో రోజు నాలుగు. పదో రోజుకు 512 రూపాయలే. ఇరవయ్యో రోజుకు 5,24,288. అంటే నెలలో మూడింట రెండు వంతులు గడిచినా నాణెం తీసుకున్నవాడు వెనకే ఉన్నాడు. ఇరవై ఒకటో రోజున పది లక్షలు దాటుతుంది. ముప్ఫయ్యో రోజున 53 కోట్ల 68 లక్షల పైచిలుకు. వెంటనే తెరమీద 'ఇదీ చక్రవడ్డీ మహిమ, ఈరోజే పొదుపు మొదలుపెట్టండి' అని పడుతుంది.

లెక్కలో తప్పేమీ లేదు. రెట్టింపు లెక్కలంటే మనకు పాత మక్కువే. చదరంగం 64 గళ్లలో గింజలను రెట్టిస్తూ పోతే వచ్చే ఇరవై అంకెల మొత్తాన్ని శరం అంటే 5, శశి అంటే 1 అన్న పద్ధతిలో ఒక పద్యంలో పొదిగి పెట్టారు. అది పావులూరి మల్లన గణితంలోదిగా ప్రసిద్ధి.

ఈ కథ ఒక విషయాన్ని చక్కగా చూపిస్తుంది. డబ్బంతా చివర్లోనే ఉంటుంది. ముప్ఫై రోజుల ఆటను ఇరవై ఎనిమిదో రోజునే ఆపేస్తే చేతికొచ్చేది 13 కోట్ల 42 లక్షలు. పోయింది రెండు రోజులే, కానీ నాలుగింట మూడు వంతుల డబ్బు పోయింది. పొదుపును ఆలస్యంగా మొదలుపెట్టినవాడు మొదటి చిన్న రెట్టింపును పోగొట్టుకున్నానని అనుకుంటాడు. నిజానికి అతని చేయి జారేది ఆఖరి పెద్ద రెట్టింపు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. కథలో రెట్టింపుకు పట్టే కాలం ఒక రోజు. అంటే రోజుకు నూటికి నూరు వడ్డీ. అలాంటి ఖాతా భూమ్మీద లేదు. ఉన్న ఖాతాలో ఒక రెట్టింపుకు ఎన్నేళ్లు పడుతుందో చెప్పకుండా వదిలేస్తే వీడియో చూసిన పిల్లవాడికి మిగిలేది ఆశ్చర్యమే, అవగాహన కాదు.

నాణెం కథకు అసలైన రూపం మన పోస్టాఫీసులోనే ఉంది. కిసాన్ వికాస్ పత్రలో వెయ్యి రూపాయలు పెడితే గడువు తీరాక రెండు వేలు చేతికొస్తాయి. ఆ పథకం చేసే పని రెట్టింపు ఒక్కటే. 1988లో మొదలైనప్పుడు అందుకు అయిదున్నరేళ్లు పట్టేది. మధ్యలో ఆపేసి 2014లో మళ్లీ తెచ్చినప్పుడు 100 నెలలైంది. 2023 ఏప్రిల్‌లో 7.5 శాతం వడ్డీ మీద 115 నెలలుగా నిర్ణయించారు. అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు. షార్ట్‌లోని నాణేన్ని ఈ వేగంతో నడిపించి ముప్ఫయ్యో రోజు దాకా తీసుకెళ్లాలంటే 29 రెట్టింపులకు దాదాపు 278 ఏళ్లు కావాలి. ఇరవయ్యేళ్ల వయసులో మొదలుపెట్టినవాడికి అరవై దాకా దొరికేవి నాలుగు రెట్టింపులే. రూపాయి పదహారు రూపాయలవుతుంది. అది చిన్న విషయం కాదు, కానీ 53 కోట్లు మాత్రం కాదు.

ఏ వడ్డీకి ఎంత కాలమో తెలుసుకోవడానికి నోటిలెక్క ఒకటుంది. 72ను ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపుకు పట్టే ఏళ్లు సుమారుగా వస్తాయి. పొదుపు ఖాతాలో 3 శాతం వస్తే 24 ఏళ్లు. 9 శాతమైతే ఎనిమిదేళ్లు. ఈ లెక్కను తిప్పి వాడితే ఇంకా పనికొస్తుంది. రెండేళ్లలో డబ్బు రెట్టింపు చేస్తామని ఎవరైనా ఇంటికొస్తే అతను ఏడాదికి 36 శాతం పైనే ఇస్తానంటున్నాడన్న మాట. పోస్టాఫీసు ఏడున్నర ఇస్తున్న చోట ఇతను 36 ఎక్కడినుంచి తెస్తాడో అడగాలి. ధరలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. రిజర్వ్ బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న 4 శాతం ద్రవ్యోల్బణమే నిలకడగా ఉన్నా 18 ఏళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి పైన చెప్పిన పదహారు రూపాయలతో నలభయ్యేళ్ల తర్వాత కొనగలిగేది ఇవాళ మూడు రూపాయల పైచిలుకుతో వచ్చే సరుకే.

ఇక బ్యాంకు కౌంటర్ దగ్గరికొద్దాం. లక్ష రూపాయలు 7 శాతానికి పదేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశామనుకుందాం. దరఖాస్తులో వడ్డీని ఏం చేయాలో అడిగే గడి ఒకటి ఉంటుంది. వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడాలని టిక్ పెడితే ప్రతిసారీ 1,750 రూపాయలు వస్తాయి. నలభై సార్లకు 70 వేలు. అదే వడ్డీని అసలులో కలిపేయమంటే మూడు నెలలకోసారి లెక్కగట్టి కలుపుతారు కాబట్టి పదేళ్లకు లక్ష కాస్తా రెండు లక్షలవుతుంది. శాతం అదే, బ్యాంకు అదే, కాలం అదే. తేడా మాత్రం 30 వేలు. నాణేల కుప్పలోంచి రోజూ కొత్తగా పుట్టిన నాణేలను తీసేసుకుంటే రెట్టించడానికి ఎప్పుడూ మొదటి రూపాయే మిగులుతుంది కదా, అదే ఇక్కడా జరిగేది. వడ్డీ చేతికి రావడం తప్పని నేననను. పింఛను లేని పెద్దవాళ్లకు కావలసింది అదే. ఇరవై రెండేళ్ల ఉద్యోగి ఆ గడి చూడకుండా సంతకం పెట్టడమే ఇబ్బంది. వచ్చిన 1,750 ఖాతాలో పడి ఫోన్ రీఛార్జీల్లో కలిసిపోతుంది. మన డిపాజిట్ ఏ రకమో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రసీదు మీద మెచ్యూరిటీ మొత్తం కట్టిన సొమ్ముతో సమానంగా ఉంటే చక్రవడ్డీ లేనట్టే.

అయితే కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి దగ్గర ఒకేసారి పెట్టడానికి లక్ష ఎక్కడుంటుంది? అతను నెలనెలా కడతాడు. నాణెం కథ అస్సలు పట్టించుకోనిది అతన్నే. నెలకు 2,000 చొప్పున పదేళ్లు అదే 7 శాతం రికరింగ్ డిపాజిట్ కడితే మొత్తం 2 లక్షల 40 వేలవుతుంది. పదేళ్లలో రెట్టింపు అని విన్నవాడు 4 లక్షల 80 వేలు వస్తాయని లెక్కేసుకుంటాడు. వచ్చేది 3 లక్షల 47 వేల దగ్గర. ఇందులో మోసమేమీ లేదు. మొదటి వాయిదా పదేళ్లు పనిచేసింది, ఆఖరి వాయిదా ఒక్క నెలే. సగటున ఒక్కో రూపాయి బ్యాంకులో ఉన్నది అయిదేళ్లే.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. అతను ఏడాదికి కట్టేది 24 వేలు. ఏడాది వడ్డీ కూడా 24 వేలు రావాలంటే ఖాతాలో దాదాపు 3 లక్షల 43 వేలు ఉండాలి. అక్కడికి చేరడానికే పదేళ్లు పట్టింది. అంటే మొదటి పదేళ్లూ డబ్బును పెంచింది ప్రధానంగా అతని జీతమే. చక్రవడ్డీ ఆ తర్వాతగానీ ముందుకు రాదు. కాబట్టి ఈ వయసులో అర శాతం ఎక్కువ వడ్డీ కోసం నాలుగు యాప్‌లు వెతకడం కంటే జీతం పెరిగినప్పుడు వాయిదాను 2,000 నుంచి 3,000 చేయడమే ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం. షార్ట్‌లో చెప్పడానికి ఇది అంత రంజుగా ఉండదు, ఒప్పుకుంటాను.

మన ఊళ్లలో చక్రవడ్డీ అన్న మాట పొదుపు చేసేవాడి నోట కంటే అప్పు పడ్డవాడి నోటే ఎక్కువ వినిపిస్తుంది. అక్కడ నాణెం మరింత వేగంగా రెట్టిస్తుంది. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం పడితే ఇరవై నెలల్లో రెట్టింపు. ప్రామిసరీ నోటు సంగతి ఇంకా వింతగా ఉంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి తక్కువే. అది నెలకు. ఏడాదికి 24 శాతం. నోటు మీద రాసుకునేది సాధారణంగా బారువడ్డీయే. కానీ నోటుకు చట్టప్రకారం కాలపరిమితి మూడేళ్లు కాబట్టి గడువు దగ్గర పడగానే అప్పిచ్చినవారు నోటు తిరగరాయమంటారు. లక్షకు మూడేళ్ల వడ్డీ 72 వేలు. కొత్త నోటు 1 లక్షా 72 వేలకు రాస్తారు. ఆ క్షణాన బారువడ్డీ చక్రవడ్డీగా మారిపోతుంది. ఇంకో మూడేళ్లకు 2 లక్షల 96 వేలు. తొమ్మిదో ఏడాదికి 5 లక్షల 9 వేలు.

ఇంట్లో ఇలాంటి నోటు ఒకటి ఉండగా కొడుకో కూతురో ఉద్యోగంలో చేరి, షార్ట్ చూసి నెలకు 2,000 రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టారనుకోండి. లక్ష అప్పు మీద నెల వడ్డీ కూడా సరిగ్గా 2,000. ఆరేళ్లకు డిపాజిట్ సొమ్ముతో అప్పు కొంత తీర్చినా దాదాపు 1 లక్షా 17 వేలు మిగులుతుంది. ఆ 2,000ను నెలనెలా వడ్డీకే కట్టి ఉంటే మిగిలేది లక్షే. తేడా 17 వేలు, అంతగా భయపెట్టదు. తొమ్మిదేళ్ల దగ్గర చూడండి. డిపాజిట్‌లో 3 లక్షల వెయ్యి దగ్గర ఉంటుంది, నోటు మీద 5 లక్షల 9 వేలు. మిగిలే బాకీ దాదాపు 2 లక్షల 8 వేలు. వడ్డీ కట్టుకుంటూ వచ్చినవారికి అప్పుడు కూడా లక్షే.

కాబట్టి ఆ ఇంట్లో మొదటి పొదుపు ఆ నోటే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి, ఎంత కట్టారో రాసి, చెల్లు సంతకం చేయాలి. గడువులోపు రాతపూర్వకంగా పడిన చెల్లు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల కాలపరిమితి ఇస్తుంది. అప్పిచ్చినవారి హక్కు అలా నిలుస్తుంది కాబట్టి వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవలసిన అవసరం వారికి ఉండదు.