మా పిన్నికి మా పిన్ని ఆవకాయే అమ్మజూపిన వైనం

ఆదివారం జరిగింది. ఇవాళ బుధవారం. బాబాయి ఇంకా నా ఫోన్ ఎత్తట్లేదు. కాబట్టి వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

తెనాలిలో మా పిన్ని ఏటా ఆవకాయ పెడుతుంది. ఈసారి అమ్మకానికి కూడా పెట్టింది. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటుకి 40 సీసాలు పంపి, వాటి మీద అంటించే స్టిక్కర్ పని నాకు అప్పగించింది. ఎందుకంటే నేను సాఫ్ట్‌వేర్. మా ఇంట్లో మిక్సీ తిరగకపోయినా, ఆధార్‌లో పేరు తప్పు పడినా, టీవీలో భక్తి చానెల్ రాకపోయినా "వాడు సాఫ్ట్‌వేర్ కదా" అని నన్నే పిలుస్తారు. నేను బ్యాంకులకి పేరోల్ టెస్టింగ్ చేస్తానని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. టెస్టింగ్ అన్న మాట గుర్తుంచుకోండి, తర్వాత మీకే నవ్వొస్తుంది.

ఆలోచన మాత్రం మంచిదే. సీసా మీద ఫోన్ నంబర్ వేస్తే జనం దాన్ని ముందు సేవ్ చేసుకోవాలి. అలా సేవ్ చేసినవే నా ఫోన్‌లో "ప్లంబర్ కొత్త", "ప్లంబర్ అసలు", "ఏసీ వద్దు" అని పడున్నాయి. ఆ గోల లేకుండా, నొక్కితే నేరుగా పిన్నితో వాట్సాప్ చాట్ తెరుచుకునే లింకు ఒకటుంది. `wa.me` అని రాసి, ఏటవాలు గీత పెట్టి, నంబర్ వేయడమే. దాన్నే క్యూఆర్ కోడ్‌గా మార్చి స్టిక్కర్ మీద అచ్చేస్తే స్కాన్ చేసినవాళ్ళు సేవ్ చేయక్కర్లేదు.

మొదటిసారి పిన్ని పది అంకెల నంబర్ అలాగే వేశాను. ఆ నంబర్ వాట్సాప్‌లో లేదంది. పొద్దున్నే గుడ్ మార్నింగులు పంపే మనిషి వాట్సాప్‌లో లేకపోవడం ఏమిటని అరగంట తల పట్టుకున్నాను. పిన్ని నంబర్ 960తో మొదలవుతుంది. ముందు 91 లేకపోతే ఆ లింకు మొదటి అంకెల్నే దేశం కోడ్ అనుకుంటుంది. 960 అంటే మాల్దీవులు. అక్కడి నంబర్లకి ఏడంకెలే, పదిలోంచి మూడు తీస్తే సరిగ్గా ఏడే మిగులుతాయి. అలా మా పిన్ని పాస్‌పోర్ట్ లేకుండా మాల్దీవులకి వెళ్ళొచ్చింది. 91 తగిలించాను. ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ, మధ్యలో గీతలు, ఖాళీలు గానీ ఏవీ ఉండకూడదు. ఇలా:

```
https://wa.me/91XXXXXXXXXX
```

తెరుచుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

కానీ లింకు చివర `?text=` అని పెట్టి ఏదైనా రాస్తే, చాట్ తెరిచేసరికి ఆ మాటలు టైపు చేసి సిద్ధంగా ఉంటాయని తెలిసింది. ఇక నాలోని రచయిత నిద్ర లేచాడు. రాత్రి పదకొండు దాకా కూర్చుని ఇది రాశాను:

"నమస్కారం! మా ఇంట్లో స్వయంగా కొట్టిన కారంతో, గానుగ నూనెతో పెట్టిన ఆవకాయ. కిలో 600 రూపాయలు. మీకు ఎన్ని కిలోలు పంపమంటారు?"

చదువుకుని మురిసిపోయాను. నా ఫోన్‌లో లింకు నొక్కి చూశాను. పిన్ని చాట్ తెరుచుకుంది, కింద పెట్టెలో నా వాక్యాలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. పంపే బటన్ నొక్కలేదు, పిన్ని పడుకుని ఉంటుందని. పన్నెండేళ్ళు టెస్టింగ్‌లో ఉన్నవాడు చేసిన టెస్టింగ్ అది.

మర్నాడు ప్రింటింగ్ షాపతను క్యూఆర్ చూసి "సార్, దీన్లో నువ్వులు చల్లారా?" అన్నాడు. నిజమే, చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. లింకులోకి వెళ్ళేటప్పుడు ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిది అక్షరాలవుతుంది. "ఆ" అంటే `%E0%B0%86`. "ఆవకాయ"లో దీర్ఘంతో కలిపి ఐదు గుర్తులు, అంటే 45 అక్షరాలు. మాట పెరిగేకొద్దీ కోడ్ చిక్కనవుతుంది. రూపాయి బిళ్ళంత మూత మీద వేస్తే ఏ ఫోనూ చదవదు. స్టిక్కర్ పెద్దది చేయించి సీసా పొట్టకి అంటించాం. 200 స్టిక్కర్ల కంటే తక్కువ వేయనన్నాడు షాపతను. సరేనన్నాను. శనివారం సాయంత్రం అపార్ట్‌మెంటులో సీసాలు పంచాం.

ఆదివారం ఉదయం ఏడుంబావుకి పిన్ని ఫోన్.

"ఏరా, ఎవరో నాకు ఆవకాయ అమ్ముతామంటున్నారు."

"ఎవరు పిన్నీ?"

"ఏమో. కొత్త నంబరు. ఇంట్లో స్వయంగా కొట్టిన కారమట. గానుగ నూనెట. ఎన్ని కిలోలు పంపమంటారని అడుగుతున్నాడు. మాకే బోలెడుంది బాబూ, వద్దని పెట్టాను."

నాకప్పటికీ వెలగలేదు. కాలం అలా ఉంది, ఎవడు పడితే వాడు పచ్చళ్ళు అమ్ముతున్నాడని ఓదార్చాను. పది నిమిషాలకి మళ్ళీ ఫోన్. ఇంకొకడట. అవే మాటలు. అదే 600. పిన్నికి తోడికోడలి మీద అనుమానం వచ్చింది. పక్కవీధిలో ఉంటుంది, కిందటేడు పిన్ని ఆవపిండి కొలత అడిగి రాసుకుని వెళ్ళిందట. "మనుషుల్ని పెట్టి మరీ నాకే పంపిస్తోంది చూడు, నా కడుపు మండాలని" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మెసేజ్ పంపేది నేను కాదు, పిన్నీ కాదు. పెట్టెలో సిద్ధంగా ఉన్న మాటల్ని స్కాన్ చేసినవాడు నొక్కితేనే వెళ్తాయి, అదీ వాడి పేరు మీద. అంటే అవి కొనేవాడు అమ్మేవాళ్ళతో అనే మాటలై ఉండాలి. నేను అమ్మేవాళ్ళు కొనేవాడితో అనే మాటలు రాశాను. పెళ్ళికొడుకు తరఫు శుభలేఖని పెళ్ళికొడుక్కే పోస్టు చేసినట్టు. రాసిన నాకు తట్టలేదు సరే, స్కాన్ చేసినవాళ్ళలో ఒక్కరైనా చదవద్దా? ఎవరూ చదవలేదు. పచ్చ బాణం కనిపిస్తే నొక్కడమే. మా అపార్ట్‌మెంటులో లిఫ్టులో అంటించిన నోటీసు కూడా ఇంతే, మెయింటెనెన్స్ పెంచాక చదువుతారు.

మూడో ఫ్లోర్ రిటైర్డ్ లెక్చరర్ గారు చదివారనుకుంటాను, కానీ చదివి ఇంకా కంగారు పెట్టారు. పంపాక కింద "నాకు రెండు" అని రాశారు. మా పిన్ని దృష్టిలో ఆయన ముందు ఆవకాయ అమ్ముతానన్నాడు, వెంటనే తనకే రెండు కావాలన్నాడు. ఆ తర్వాత జరిగింది పిన్ని ఫోన్‌లో నేనే చూశాను, స్క్రీన్‌షాట్ పంపించుకుని.

"మీరు అమ్ముతున్నారా, కొంటున్నారా?"

"కొంటున్నానమ్మా."

"మరి కిలో 600 అని మీరే అంటిరి."

"అవునమ్మా, మీ ధర అంతేగా?"

"నా ధర మీకెవరు చెప్పారు? ఆవిడేనా?"

"ఏ ఆవిడ?"

"ఆవిడకి చెప్పండి, ఆవపిండి కొలత నేను తప్పు చెప్పానని."

ఆయన తర్వాత లిఫ్టులో కనిపించి, మీ పిన్నిగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు.

నాకు విషయం వెలిగేసరికి పదిన్నర. అప్పటికి పదకొండు మందిని పిన్ని బ్లాక్ చేసింది. తప్పు ఆవిడది కూడా కాదు. సేవ్ చేయని నంబర్ నుంచి మొదటి మెసేజ్ వస్తే, బ్లాక్ చేస్తావా అని వాట్సాపే ముందుకొచ్చి అడుగుతుంది. అంత మర్యాదగా అడిగితే మా పిన్ని కాదనదు. ఒకసారి బ్లాక్ చేశాక వాళ్ళు ఎన్ని కిలోలు అడిగినా ఈవిడకి చేరవు. పదకొండు మందినీ ఒక్కొక్కరినీ విప్పించడానికి నాకు ఫోన్‌లో గంట పట్టింది. "మూడు చుక్కలు నొక్కు పిన్నీ" అంటే, "ఏ మూడు చుక్కలు, అన్నీ చుక్కలే" అంది, క్యూఆర్ స్టిక్కర్ ఫోటో చూసుకుంటూ.

మరి స్టిక్కర్లు? క్యూఆర్ లోపల ఉన్నదే ఆ లింకు, ఆ లింకు లోపల ఉన్నవే నా మాటలు. అచ్చయ్యాక మార్చడానికి ఏమీ ఉండదు. షాపతని దగ్గరికి మళ్ళీ పరిగెత్తాను. మధ్యాహ్నం షట్టర్ సగం దించి, భోజనానికి వెళ్ళబోతూ "సార్, మాటర్ తొందరగా చెప్పండి, మళ్ళీ 200 తప్పదు" అన్నాడు. ఆ తొందరలో అక్కడే ఫోన్‌లో కొట్టాను. ఈసారి కొనేవాడి మాటలు, పొట్టిగా, పిన్ని గోంగూర కూడా కలిపి: "నాకు ఆవకాయ & గోంగూర కావాలి. వివరాలు చెప్పండి." ఈసారి టెస్టు కూడా చేశాను. స్కాన్ చేశాను, పిన్ని చాట్ తెరుచుకుంది, పెట్టెలో మొదటి మాట "నాకు". మీకు కాదు, నాకు! అంతవరకు చూసి ఊపిరి పీల్చుకుని డబ్బులు కట్టేశాను.

సోమవారం రాత్రి పిన్ని ఫోన్ చేసింది. కోపంగా కాదు, కొంచెం దిగులుగా. ఆర్డర్లు వస్తున్నాయట. కానీ మీ హైదరాబాదు వాళ్ళు చంటిపిల్లల్లా మాట్లాడతారేంట్రా అంది. అందరూ "నాకు ఆవకాయ" అని పెట్టి ఊరుకుంటున్నారట.

లింకులో `&` అంటే "మరియు" కాదు. ఇక్కడితో ఈ మాట అయిపోయింది, తర్వాతది వేరే విషయం అని. తెలుగు అక్షరాల్ని ఫోన్ తనంతట తనే మార్చుకుంటుంది గానీ, దాన్ని మాత్రం ముట్టుకోదు, అది తన సొంత గుర్తు కాబట్టి. నేను కొట్టింది పైది, కొట్టాల్సింది కిందిది:

```
?text=నాకు ఆవకాయ & గోంగూర
?text=నాకు%20ఆవకాయ%20%26%20గోంగూర
```

"%26" అని పిన్నికి చెప్పడానికి నోరు రాలేదు. లింకు తప్పు అన్నాను.

"అదేం కాదు గానీ," అంది పిన్ని, "గోంగూర ఒక్కరూ అడగట్లేదంటే, ఆవిడేదో చెప్పిందిరా వాళ్ళకి."