కెపాసిటర్ వేస్తే ఎన్‌కోడర్ లెక్క కుదరదు

"ఎన్‌కోడర్ కౌంట్స్ మిస్ అవుతున్నాయా? సింపుల్. A పిన్ మీద ఇంటరప్ట్ పెట్టి, లోపల B చదవండి, చాలు. నాలుగు అంచులూ లెక్కపెడితే బోర్డు మీద ఊరికే భారం. రెండు పిన్నులకూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. అప్పటికీ మిస్ అయితే యూనో స్లో అని అర్థం, ESP32 కొనండి." (వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

దీన్ని నమ్మి అనంతపురంలో మా బామ్మర్ది వారం రోజులు తల పట్టుకు కూర్చున్నాడు. వాడిది రివైండింగ్ షాపు. స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లకు కాయిల్ చుట్టే మెషీన్‌లో పాత గేర్ కౌంటర్ అరిగిపోతే, దాని బదులు A, B అనే రెండు లైన్ల మీద చుట్టుకు 600 పల్సులిచ్చే ఆప్టికల్ ఎన్‌కోడర్, ఒక ఆర్డుయినో యూనో బిగించాడు. మెషీన్ పూర్తి స్పీడు 900 ఆర్‌పీఎం. నేను వెళ్లేసరికి మెసేజ్‌లో చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసి ఉన్నాడు.

ముందు కెపాసిటర్ సంగతి. అది చేతితో తిప్పే నాబ్ ఎన్‌కోడర్లకు పనికొచ్చే చిట్కా. వాటిలో లోహపు కాంటాక్టులు ఉంటాయి, తగిలినప్పుడల్లా ఎగిరెగిరి పడతాయి. ఆప్టికల్ ఎన్‌కోడర్‌లో తగిలేదేమీ లేదు. కాంతి, చీలికల డిస్కు, సెన్సర్, అంతే. పైగా ఇలాంటి చవక ఎన్‌కోడర్ల ఔట్‌పుట్ సాధారణంగా ఓపెన్ కలెక్టర్. లైన్‌ను కిందికి లాగడం దాని పని, పైకి లేపాల్సింది పుల్-అప్ రెసిస్టర్. 10 కిలో ఓమ్ పుల్-అప్‌కి 0.1 మైక్రోఫారడ్ జోడిస్తే టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకను. 900 ఆర్‌పీఎం అంటే సెకనుకు 15 చుట్లు, 9,000 పల్సులు. ఒక పల్సుకు మొత్తం 111 మైక్రోసెకన్లు, అందులో లైన్ పైన ఉండేది 55. ఆ 55లో కెపాసిటర్ ఎక్కేది పావు వోల్టు పైచిలుకు మాత్రమే. యూనో దాన్ని హై అనుకోవాలంటే 3 వోల్టులు కావాలి. అందుకే మెల్లగా తిప్పినప్పుడు లెక్క బాగానే వచ్చి, స్పీడు పెంచగానే డిస్‌ప్లే బిగుసుకుపోయేది. కెపాసిటర్లు పీకేశాం. బోర్డు లోపలి పుల్-అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది, పొడుగు కేబుల్‌కి అదీ నీరసమే. బయట 2.2 కిలో ఓమ్ వేశాం.

ఇక A ఒక్కదాన్నే చూడడం. వాడు నాకు మొదట చెప్పిన మాట ఇదే: "ఆగినా లెక్క పెరుగుతానే ఉంది బావా." చూస్తే నిజమే. చక్ కదలడం లేదు, పక్కన గ్రైండర్ ఆడుతోంది, బల్ల సన్నగా అదురుతోంది, డిస్‌ప్లేలో అంకె మాత్రం ఎక్కుతూ పోతోంది. డిస్కు సరిగ్గా A మారే గీత మీద ఆగిందన్నమాట. అదురుకు A పైకి, కిందికి కొట్టుకుంటుంది. B మాత్రం కదలదు. పైకి లేచిన ప్రతిసారీ ప్రోగ్రామ్ B చూసి ఒకటి కలుపుతుంది. తిరిగి కిందికి దిగినప్పుడు తీసేయదు, ఎందుకంటే దిగడాన్ని అది చూడనే చూడదు. ఇంకో గీత మీద ఆగి ఉంటే ఇదే రకంగా తగ్గుతూ పోయేది. దీన్ని మిస్ అనడమే పొరపాటు, ఇది దొంగ లెక్క. స్పీడుతో దీనికి సంబంధం లేదు, ఏ బోర్డు మార్చినా పోదు.

రెండు లైన్లలో ప్రతి మార్పునూ చూస్తే ఈ రోగం దానంతటదే కుదురుతుంది. A, B కలిస్తే నాలుగు స్థితులు. ముందుకు తిరిగితే 00, 01, 11, 10 వరసలో వస్తాయి, వెనక్కి అయితే తలకిందులుగా. అదురుకు ఒక అడుగు ముందుకు వేసినది వెంటనే వెనక్కి వేస్తుంది. +1, -1, మొత్తం సున్నా.

```cpp
const int8_t T[16] = { 0, 1,-1, 2,  -1, 0, 2, 1,
                       1, 2, 0,-1,   2,-1, 1, 0 };
volatile long cnt; volatile uint16_t bad;
uint8_t prev;

void isr() {
  uint8_t n = (PIND >> 2) & 3;
  int8_t d = T[(prev << 2) | n];
  prev = n;
  if (d == 2) bad++; else cnt += d;
}
```

A ని పిన్ 2కి, B ని పిన్ 3కి కలిపి, రెండింటికీ `CHANGE` మీద ఇదే ఫంక్షన్ పెట్టాలి. `prev` లోకి మొదటి స్థితిని `setup` లోనే చదివి ఉంచాలి. `cnt` ని `int` గా పెడితే పద్నాలుగో చుట్టు పూర్తి కాకముందే పొంగిపోతుంది, పల్సుకు నాలుగు మార్పుల చొప్పున చుట్టుకు 2,400 మరి. దాన్ని బయట చదివేటప్పుడు ఆ ఒక్క లైనుకు ఇంటరప్టులు ఆపాలి. లేకపోతే నాలుగు బైట్లలో సగం పాతవి, సగం కొత్తవి వస్తాయి.

భారం మాటలో కొంత నిజం ఉంది. 900 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 36,000 మార్పులు, సగటున 28 మైక్రోసెకన్లకు ఒకటి. అయితే A, B మధ్య తేడా ఎప్పుడూ కచ్చితంగా 90 డిగ్రీలు ఉండదు. 45 డిగ్రీలు అటూ ఇటూ కావచ్చని డేటాషీట్లలోనే రాసి ఉంటుంది. కాబట్టి రెండు మార్పులు 14 మైక్రోసెకన్ల ఎడంలో వచ్చినా సిద్ధంగా ఉండాలి. `digitalRead` ఒక్కోటి మూడు నాలుగు మైక్రోసెకన్లు తింటుంది. రెండు పిన్నులకు రెండుసార్లు పిలిస్తే అక్కడే సగం టైమ్ అయిపోతుంది. `PIND` చదవడం ఒక్క క్లాక్ పని, పైగా రెండు పిన్నులూ ఒకే క్షణంలో దొరుకుతాయి. బరువు నాలుగు అంచులది కాదు, వాటిని చదివే తీరుది.

అసలు మిస్ అయినప్పుడు పట్టుకోవడానికే `bad`. ఒక మార్పు జారిపోతే A, B రెండూ ఒకేసారి మారినట్టు కనిపిస్తాయి, టేబుల్‌లో 2 వస్తుంది. కానీ అది సున్నా ఉన్నంత మాత్రాన లెక్క సరైనదని కాదు. మా వాడి సరదా చూడండి: కాయిల్ ఎంతవరకు అయిందో చూపడానికి 16 లైట్ల ఎల్ఈడీ రింగ్ పెట్టాడు. యూనోలో ఆ లైట్లను నడిపే లైబ్రరీ డేటా పంపేటప్పుడు ఇంటరప్టులు ఆపేస్తుంది, ఒక్కో లైటుకు 30 మైక్రోసెకన్లు. మొత్తం 480. ఆ లోపు పదిహేడు మార్పులు వచ్చిపోతాయి. పదిహేడు అంటే నాలుగు పూర్తి ఆవర్తనాలు, మీద ఒకటి. ప్రోగ్రామ్‌కు కనిపించేది ఆ ఒక్కటే. శుభ్రంగా +1 అనుకుని, పదహారు మింగేసి, `bad` ని ముట్టకుండా ముందుకు పోతుంది.

అందుకే సాక్ష్యం బయటి నుంచి తెచ్చాం. చక్ మీద, బాడీ మీద మార్కర్‌తో గీతలు కలిపి, పూర్తి స్పీడులో తిప్పి, గీతలు మళ్లీ కలిసేలా ఆపాం. 500 చుట్లకు 12,00,000 రావాలి. లైట్లు వెలుగుతుంటే ప్రతిసారీ తగ్గింది. వాటిని తీసేశాక గీతలు చేత్తో కలపడంలో వచ్చే ఐదారు కౌంట్ల తేడా తప్ప ఇంకేమీ లేదు.

ESP32 చెడ్డదేమీ కాదు. అయితే దాని బలం క్లాక్ స్పీడులో లేదు, పల్సులు లెక్కపెట్టడానికే లోపల ఉన్న PCNT అనే విడి హార్డ్‌వేర్‌లో ఉంది. కొత్త బోర్డు కొని పాత `attachInterrupt` కోడే ఎక్కిస్తే వైఫై పనుల మధ్య అక్కడా ఆలస్యాలు తప్పవు. STM32 టైమర్లలో ఎన్‌కోడర్ మోడ్ కూడా ఇలాంటిదే, ప్రాసెసర్‌ని లేపకుండా లెక్కపెడుతుంది. వాటిలో చాలావరకు 16 బిట్ల కౌంటర్లు. మా స్పీడుకు 32,768 కౌంట్లు సెకను లోపే నిండుతాయి కాబట్టి 10 మిల్లీసెకన్లకోసారి చదివి, తేడాను పెద్ద వేరియబుల్‌లో కలుపుకోవాలి.

మా వాడికి మాత్రం అది కొనమని చెప్పలేదు. వాడికి కావాల్సింది చుట్ల లెక్క. చుట్టుకు 2,400 కౌంట్లు ఏం చేసుకుంటాడు? 100 పల్సుల ఎన్‌కోడర్ పెడితే మార్పుల మధ్య 167 మైక్రోసెకన్లు దొరుకుతాయి, పాత యూనో తీరిగ్గా లెక్కపెడుతుంది. లైట్లు మాత్రం అప్పుడూ కుదరవు, 480లో రెండు మార్పులు ఎలాగూ జారతాయి. ఆ మాట వాడికి ఇంకా మింగుడు పడలేదు.