ఫొటో మీద పడిన బొటనవేలు గారికి

మహారాజశ్రీ బొటనవేలు గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం మా క్లాస్ గ్రూపులోకి వచ్చిన పరీక్షల టైమ్ టేబుల్ ఫొటోలో మీ దర్శనమైంది. నోటీసు బోర్డు అద్దంలో ట్యూబ్‌లైట్ మెరుపు, పక్కకు వంగిన కాగితం, పది చేతులు మారి మసకబారిన అక్షరాలు. వీటన్నిటినీ క్షమించాను. ఇంత పెద్ద కాగితంలో మీకు చివరి వరుసే దొరికిందా అండీ?

ఆ వరుసలో ఉన్నది ఫిజిక్స్. నా వీక్ సబ్జెక్టుల లిస్టులో మొదటిది. మిగతావి బాగానే చదవగలిగాను: డిసెంబర్ 5 శుక్రవారం ఇంగ్లీష్, 8 సోమవారం తెలుగు, 10 బుధవారం కెమిస్ట్రీ, 12 శుక్రవారం మ్యాథ్స్. ఫిజిక్స్ దగ్గర మాత్రం 13 ఉందో 18 ఉందో తెలియదు. జూమ్ చేసినకొద్దీ అంకె కాస్తా గళ్లుగళ్లుగా విడిపోతోంది.

అంకె అలుక్కుపోయినా నాకు బెంగ ఉండేది కాదు. పక్కన వారం పేరు ఉంటుంది కదా. డిసెంబర్ 13 శనివారం, 18 గురువారం. 3కీ 8కీ మధ్య అయిదు రోజుల తేడా ఉంటుంది కాబట్టి వారం కచ్చితంగా మారుతుంది. తేడా సరిగ్గా ఏడు రోజులైతే తప్ప క్యాలెండర్ పక్కన పెట్టుకుంటే అనుమానం తీరిపోతుంది. మిగతా నాలుగు తేదీలనూ అట్లాగే సరిచూసుకున్నాను. అయిదోదానికి వారం పేరు ఎక్కడుందయ్యా అంటే, తమరి కింద ఉంది.

గ్రూపులో అడిగాను: "ఫిజిక్స్ 13ఆ, 18ఆ?" పదిమంది బొటనవేలు బొమ్మ పెట్టారు. మీ బంధువులే కాబోలు. ఒకడు మాత్రం "13 అనుకుంటనే" అన్నాడు.

నయీంనగర్ నుంచి ఆటోలో కాలేజీకి పోయి చూద్దును కదా, నోటీసు చివరి వరుసల మీద ఫీజు బకాయిల కాగితం అంటించి ఉంది. ఆఫీసులో అడిగితే "సార్ లేడు బిడ్డ, రేపు రా" అన్నారు.

మీకిది చిన్న విషయం. నాకు కాదు. 13 అయితే, 12న మధ్యాహ్నం ఒంటిగంటకు మ్యాథ్స్ రాసి బయటపడ్డాక ఫిజిక్స్‌కు మిగిలేది ఒక సాయంత్రం, ఒక రాత్రి. 18 అయితే అయిదు నిండు రోజులు. మీరు కప్పింది ఒక గడిని కాదు, ఆ అయిదు రోజులను.

సరే, 13 అనుకునే ప్లాన్ వేశాను. 18 అని తేలితే అయిదు రోజులు లాభం. 18 అనుకుని కూర్చున్నాక 13 అని తేలితే సప్లిమెంటరీయే. కాబట్టి ఫిజిక్స్‌ను గ్యాప్‌ల మీద వదలకుండా, పరీక్షలు మొదలుకాకముందే ముగించాలి. నవంబర్ 28 నుంచి డిసెంబర్ 4 దాకా ఏడు రోజులున్నాయి. లిస్టులో ఉత్త "ఫిజిక్స్" అని ఉంటే ఏ రోజు ఏం చదవాలో తెలియదు కాబట్టి విడగొట్టాను. థర్మోడైనమిక్స్‌లో ఎంట్రోపీ, మాక్స్‌వెల్ సంబంధాలు రావు, బ్లాక్ బాడీ రేడియేషన్ వచ్చు. మొదటి నాలుగు రోజులు తల తేటగా ఉండే పొద్దుటిపూట ఆ రానివి, సాయంత్రం రియల్ అనాలిసిస్ లెక్కలు. తర్వాతి మూడు రోజులు అటుదిటు: పొద్దున మ్యాథ్స్, సాయంత్రం చూడకుండా ఫిజిక్స్ డెరివేషన్లు రాయడం. ఇంగ్లీష్‌కు 4వ తేదీ రాత్రి చాలు.

గ్యాప్‌లు వేసిన మహానుభావులకూ ఒక దండం. నాకు బాగా వచ్చే తెలుగుకు ముందు 6, 7 తేదీలు రెండూ ఖాళీ. మ్యాథ్స్‌కు ముందు 11 ఒక్కటే. అందుకే 6వ తేదీని మ్యాథ్స్‌కు ఎత్తుకొచ్చాను. తెలుగుకు 7, కెమిస్ట్రీకి 9. 11న కొత్త లెక్క ఒక్కటీ ముట్టను, చేసినవే మళ్లీ చేస్తాను. 12 సాయంత్రం ఫిజిక్స్ సూత్రాల కాగితం ఒక్కటే.

ఈ ప్లాన్‌లో ఒక్క జ్వరానికి కూడా చోటు లేదు. అది ఎవరి పుణ్యమో మీకు తెలుసు.

ఇక మర్యాద చాలు. ఫోన్ రెండు చేతులతో పట్టుకో. కాగితం నాలుగు మూలలూ కనబడేటట్టు ఎదురుగా నిలబడి తియ్యి. తీశాక ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, చివరి వరుస దాకా చదువు. గ్రూపులో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు, అంకెలు చెదరవు. ఇంత చెప్పినా మళ్లీ అడ్డం పడాలనిపిస్తే తెలుగు పేపర్ మీద పడు, నేనేమీ అనను.

ఇట్లు,
బీఎస్సీ రెండో సంవత్సరం, హన్మకొండ.

తా.క.: 13ఆ, 18ఆ? ఫొటో తీసేటప్పుడు నువ్వు బోర్డు ముందే ఉన్నావు కదా, చెప్పి చావు.