జబాల్యోనెలో నురగ వేడి మీదే పుడుతుంది

"జబాల్యోనె బ్రహ్మవిద్యేం కాదు. పచ్చసొనలు, పంచదార ముందే బీటర్‌తో బాగా నురగ చేసి, వైన్ పోసి, రెండు నిమిషాలు ఆవిరి మీద పెడితే చాలు. గిన్నె అడుగు నీళ్లకు తగిలిందా, గుడ్డు విరిగిపోతుంది. నురగ పొంగగానే దింపేయండి. వైన్ ఎలాగూ వేడికి ఆవిరైపోతుంది కాబట్టి పిల్లలకీ పెట్టొచ్చు."

గుడ్డు, వైన్‌తో చేసే ఇటలీ తీపి నురగ జబాల్యోనె గురించి తరచూ వినిపించే ఈ సలహా నమ్మి చేసి, గ్లాసు అడుగున పసుపు నీళ్లు, పైన తేలిపోయిన నురగ చూసి, "మా గుడ్లు మంచివి కావేమో" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. గుడ్ల తప్పేం లేదు. నేనూ మొదటిసారి ఇలాగే చేశాను. వడ్డించిన పావుగంటకే గ్లాసుల్లో సగం జారిపోయింది.

ముందుగా నురగ సంగతి. ఇక్కడ అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. తెల్లసొన రెండు నిమిషాలు గిలక్కొడితే గిన్నె నిండా పొంగుతుంది. పచ్చసొనను ఒక్కదాన్నే పది నిమిషాలు కొట్టినా రెట్టింపు కావడం కష్టం. దానిలో సగమే నీరు. మిగిలిన సగంలో ఎక్కువ కొవ్వు, దానికి అతుక్కుపోయిన ప్రొటీన్లు. గాలి బుడగ చుట్టూ పొర కట్టాలంటే కొంత నీరు కావాలి, ప్రొటీన్లు తమ ముడి విప్పుకుని ఒకదాన్నొకటి పట్టుకోవాలి. నీరు వైన్ నుంచి వస్తుంది. ముడి విప్పేది వేడి. అందుకే ఇటలీలో పచ్చసొన, పంచదార, మార్సాలా అనే వైన్ మూడూ ఒకే గిన్నెలో వేసి, వేడి మీదే మొదటి నుంచి చివరిదాకా కొడతారు. ఫ్రెంచివాళ్లు ఈ పద్ధతినీ, పేరునూ ఇటలీ నుంచే తీసుకుని సబాయోన్ అన్నారు. చేపల మీద పోసే ఉప్పటి సబాయోన్‌కైనా సూత్రం ఇదే, పంచదార ఉండదంతే.

ముందే కొట్టి పెట్టుకున్న నురగ చూడ్డానికి బాగుంటుంది. తెల్లబడి, చిక్కగా, రిబ్బన్‌లా జారుతుంది. కానీ ఆ చిక్కదనంలో పంచదార వాటా ఎక్కువ. వైన్ పోయగానే పలచబడిపోతుంది. రెండు నిమిషాల ఆవిరి ఆ పలచటి ద్రవాన్ని గోరువెచ్చగా చేస్తుందే తప్ప ప్రొటీన్లను కదిలించదు. పంచదార కరగడానికి ముందు ఒక నిమిషం కొట్టుకోవచ్చు, అందులో తప్పు లేదు. అసలు పని మాత్రం వేడి మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు.

నలుగురికి నేను చేసే కొలత చెబుతాను. 4 పచ్చసొనలు, 60 గ్రాముల పంచదార, 120 మిల్లీలీటర్ల మార్సాలా, చిటికెడు ఉప్పు. అడుగు గుండ్రంగా ఉన్న పెద్ద స్టీలు గిన్నె, చేతి విస్క్. గిన్నెకు మూలలుంటే అక్కడ గుడ్డు ఉడికి ముద్ద కడుతుంది. గిన్నెను వేడి నీళ్ల ఆవిరి మీద పెట్టి కొడుతుంటే రెండో నిమిషంలో పైన సబ్బునురగ లాంటి పెద్ద బుడగలు లేస్తాయి. నాలుగో నిమిషానికి బుడగలు చిన్నవై, రంగు లేత పసుపు అవుతుంది. ఆరు దాటాక చేతికి బరువు తెలుస్తుంది. విస్క్ తిరిగిన చోట గీతలు పడతాయి, వెంటనే కలిసిపోతాయి. ఎనిమిదో నిమిషం దగ్గర ఆ గీతలు నిలబడతాయి, విస్క్ లాగితే ఒక్క క్షణం గిన్నె అడుగు కనిపిస్తుంది. విస్క్ ఎత్తితే నురగ దోసెపిండిలా మందంగా జారి, పడినచోట కాసేపు గుట్టలా ఉండి, తర్వాత కలుస్తుంది. అప్పుడు దింపాలి.

పొంగగానే దింపడం వల్ల కలిగే నష్టం ఇక్కడే. ఆ పొంగు రెండో నిమిషంలోని పెద్ద బుడగలది. అప్పటికి బుడగల చుట్టూ పొర గట్టిపడలేదు, నీరు కిందికి కారిపోతుంది. గ్లాసు అడుగున చేరిన పసుపు నీళ్లు అవే. థర్మామీటర్ ఉంటే 70 నుంచి 75 డిగ్రీల మధ్య చూసుకోండి. గుడ్డు వంటకం 71 డిగ్రీలు తాకాలని ఆహార భద్రతవాళ్లు చెప్పేదీ ఈ పరిధిలోకే వస్తుంది, కాబట్టి రుచికీ జాగ్రత్తకీ ఒకటే గుర్తు. పచ్చసొన ఒక్కటే అయితే 65 దగ్గరే చిక్కబడి, 70కి గడ్డకడుతుంది. పంచదార, వైన్ కలిశాయి కాబట్టి ఆ హద్దు కొంచెం పైకి జరుగుతుంది. 80 దాటితే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

ఇక నీళ్లు తగలడం గురించి. విరగగొట్టేది స్పర్శ కాదు, వేడి. కళపెళ మరిగే నీళ్లకు రెండంగుళాల పైన గిన్నె పెట్టినా, నూరు డిగ్రీల ఆవిరి గిన్నెకు తగిలి నీరై తన వేడంతా అక్కడే వదిలేస్తుంది. గిన్నె అడుగును వేడి నీళ్లలోనే ఉంచి సాస్ చేసే పద్ధతి యూరప్ వంటిళ్లలో పాతదే. నీళ్లు సన్నగా పొగలు కక్కుతూ, అడుగున ఒకటీ అరా బుడగ లేస్తుంటే చాలు, తగిలినా ఏమీ కాదు. నేను గిన్నెను తగలకుండానే పెడతాను, అది మంట కాస్త పెరిగినా సర్దుకోవడానికి టైమ్ ఉంటుందని. గిన్నె అంచు చేత్తో పట్టుకోలేనంత కాలిందంటే వెంటనే పైకెత్తి, కొడుతూనే చల్లార్చి, మళ్లీ పెట్టండి.

విరగడం మొదలైతే ముందు అంచున తెలుస్తుంది. నున్నగా ఉన్న నురగలో ఉప్మారవ్వంత గింజలు కనిపిస్తాయి, గుడ్డు వాసన పైకి వస్తుంది. ఆ క్షణమే గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో దించి, ఒక స్పూను చల్లటి వైన్ వేసి గట్టిగా కొడితే చాలాసార్లు దక్కుతుంది. ముద్దలు కట్టాక వడగట్టడం ఒక్కటే దారి, అప్పుడు మిగిలేది సాస్, నురగ కాదు.

వైన్ ఆవిరైపోతుందన్న మాట అన్నిటికంటే ప్రమాదం. మార్సాలా సిసిలీ వైన్, అందులో స్పిరిట్ కలుపుతారు కాబట్టి బలం 18 శాతం దగ్గర ఉంటుంది. 120 మిల్లీలీటర్లలో అచ్చమైన ఆల్కహాల్ దాదాపు 22 మిల్లీలీటర్లు, మనిషికి 5 పైనే. అంటే 5 శాతం బీరు 100 మిల్లీలీటర్ల పైన తాగినట్టు. ఆల్కహాల్ 78 డిగ్రీలకు మరుగుతుందన్నది నిజమే, కానీ నీళ్లతో కలిసినప్పుడు ఆ అంకె దగ్గర ఒక్కసారిగా ఎగిరిపోదు, పైగా మనం అక్కడిదాకా వెళ్లనే వెళ్లం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, వంటలో కలిపి 15 నిమిషాలు ఉడికించిన ఆల్కహాల్‌లో 40 శాతం ఇంకా మిగిలే ఉంటుంది. మనది అంతకంటే తక్కువ వేడి, తక్కువ సేపు. కొంత పోతుంది, చాలా మిగులుతుంది.

పిల్లలకూ, మందు ముట్టనివాళ్లకూ, గర్భిణులకూ వేరే గిన్నె పెట్టండి. మార్సాలా బదులు అంతే కొలత వడగట్టిన నారింజ రసం, పంచదార 50 గ్రాములు. నిమిషాలు, గుర్తులు, 71 డిగ్రీలు అన్నీ అవే. రెండు గిన్నెలూ ఒకేసారి కొట్టలేరు కాబట్టి పిల్లలది ముందు చేసి, వాళ్లు తింటుండగా రెండోది మొదలుపెట్టండి.